వెయ్యిమందిలో ఎంతమందికి? ఆపరేషన్ కాగితం మీద ప్రమాదాన్ని రాయడం

కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు ముందు మహిళ చేత సంతకం పెట్టించుకునే అంగీకార పత్రానికి కేంద్ర ప్రభుత్వం ఒక నమూనా తయారు చేసింది. అందులో ఒక వాక్యం సారాంశం ఇది: నేను ఆపరేషన్ చేయించుకుంటున్నాను, అందులో కొంత ప్రమాదం ఉంటుందని నాకు తెలుసు.

ఆ వాక్యంలో అబద్ధం లేదు. కానీ దాన్ని చదివిన మనిషికి కొత్తగా తెలిసేదీ ఏమీ లేదు. ఏ ప్రమాదం? ఎంతమందికి వస్తుంది? వస్తే ఎలా తెలుస్తుంది? అప్పుడేం చేయాలి? ఈ నాలుగింటికీ జవాబు లేకుండా "కొంత ప్రమాదం" అంటే ధైర్యస్తురాలు దాన్ని ఏమీ లేదని తీసుకుంటుంది, భయస్తురాలు ప్రాణమే పోతుందేమో అనుకుంటుంది. రోగిని భయపెట్టకూడదని ఇలా క్లుప్తంగా రాస్తారని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో భయం పుట్టేది ఇలాంటి వాక్యాల్లోంచే. వివరం దొరకనప్పుడు మనసు తనకు తోచిన వివరం తనే కల్పించుకుంటుంది.

ఇంకా ఎన్నో ఆపరేషన్లుండగా ఈ ఒక్కదాన్నే తీసుకోవడానికి కారణం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత మహిళల్లో 100కి దాదాపు 70 మంది ఈ ఆపరేషన్ చేయించుకున్నవారే. శ్రీకాకుళం జిల్లా పాతపట్నం వీధిలో నడుస్తుంటే ఎదురయ్యే నడివయసు ఆడవాళ్లలో ఎక్కువమంది ఏదో ఒక రోజు ఆ కాగితం మీద సంతకమో వేలిముద్రో వేసే ఉంటారు. పైగా ఇది జబ్బు తగ్గడానికి చేసే ఆపరేషన్ కాదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి తన నిర్ణయంతో చేయించుకునేది. కాబట్టి ముందే తెలుసుకునే హక్కు ఇక్కడ మరింత గట్టిది.

ఎంత చెప్పాలి అన్నదానికి మన దేశంలో ఆధారంగా నిలిచే తీర్పు 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన సమీరా కోహ్లీ తీర్పు. 1995లో ఢిల్లీలో 44 ఏళ్ల మహిళ ఒకరు పరీక్ష కోసం ల్యాప్రోస్కోపీ చేయించుకోవడానికి ఒప్పుకున్నారు. ఆమె మత్తులో ఉండగా తల్లి అనుమతి తీసుకుని గర్భసంచి, అండాశయాలు తొలగించారు. పరీక్షకు ఇచ్చిన అనుమతి తొలగింపుకు వర్తించదని కోర్టు చెప్పింది. దాంతోపాటు డాక్టరు చెప్పాల్సినవి ఏమిటో కూడా స్పష్టం చేసింది: చేయబోయేది ఏమిటి, ఎందుకు, వేరే దారులేమైనా ఉన్నాయా, ముఖ్యమైన ప్రమాదాలేమిటి, చేయించుకోకపోతే ఏమవుతుంది. అయితే రోగిని బెదరగొట్టి, అవసరమైన చికిత్సను కూడా వద్దనేలా చేసే అతి అరుదైన, ఊహాజనితమైన ప్రమాదాలన్నీ ఏకరువు పెట్టనక్కర్లేదని అదే తీర్పు అంది.

ఈ చివరి మాటను పట్టుకుని అరుదైనదల్లా వదిలేయడం అలవాటుగా మారితే చిక్కే. ఎంత అరుదు అన్నది ఒక కొలత మాత్రమే. అది వస్తే ఎంత తీవ్రం, దాన్ని ముందుగా కనిపెట్టాల్సింది ఎవరు అన్నవి మిగతా రెండు. ఆపరేషన్ బల్ల మీద వచ్చే ఇబ్బందిని డాక్టరు చూసుకుంటారు. ఇంటికి వెళ్లిన మూడేళ్లకు వచ్చే ఇబ్బందిని కనిపెట్టాల్సింది ఆ మహిళే. ఆమెకు చెప్పకపోతే కనిపెట్టేవాళ్లు ఇంకెవరూ ఉండరు. అందువల్ల అది ఎంత అరుదైనా కాగితంలో ఉండి తీరాలి. ఈ ఆపరేషన్‌లో అలాంటిది ఒకటుంది: ట్యూబులో గర్భం.

అదెలా వస్తుందో ముందు చూద్దాం. కాన్పు అయిన వారం లోపల చేసే ఆపరేషన్‌లో బొడ్డు దగ్గర చిన్న కోత పెట్టి, గర్భసంచికి రెండు పక్కలా ఉండే సన్నని గొట్టాలను, మనవాళ్లు ట్యూబులనే వాటిని, బయటికి తీసి, కట్టి, మధ్య ముక్క కత్తిరిస్తారు. అండమూ వీర్యకణమూ కలిసే దారి అక్కడితో తెగిపోతుంది. కానీ శరీరానికి మానిపోయే గుణం ఉంది. ఎక్కడో ఒకరిలో తెగిన కొసలు మళ్లీ అతుక్కుంటాయి, లేదా కొసకు సన్నని కంత ఏర్పడుతుంది. ఆ కంతలోంచి వీర్యకణం దూరగలదు. కలిశాక పిండం దానికంటే ఎన్నో రెట్లు పెద్దది. అది గర్భసంచిలోకి దిగలేక ట్యూబులోనే ఆగిపోయి పెరగడం మొదలుపెడుతుంది. ట్యూబు సాగినంతవరకు సాగి పగిలితే కడుపు లోపల రక్తస్రావమవుతుంది. వెంటనే ఆపరేషన్ చేయకపోతే ప్రాణం పోవచ్చు.

అసలు ప్రమాదం జరిగేది మాత్రం మనిషి ఆలోచనలో. ఆపరేషన్ అయిన స్త్రీకి నెల తప్పితే గర్భం అన్న ఆలోచనే రాదు. ఇంట్లోవాళ్లకూ రాదు. కడుపులో ఒక పక్క నొప్పి వస్తే గ్యాసు అనుకుంటారు, ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకుంటారు. కళ్లు తిరిగి పడిపోయేదాకా పెద్దాసుపత్రి గుర్తుకు రాదు.

ఎంతమందికి వస్తుందన్నదానికి ఇప్పటికీ ఎక్కువగా ఉదహరించే లెక్క అమెరికాలో పదివేలమందికి పైగా మహిళలను ఏళ్ల తరబడి గమనించి 1996, 97లో ప్రచురించినది. కాన్పు తరువాత ట్యూబు ముక్క కత్తిరించే పద్ధతిలో, 1000 మంది చేయించుకుంటే పదేళ్లలో గర్భం వచ్చినది ఏడెనిమిదిమందికి. అందులో ట్యూబులో గర్భం ఒకరిద్దరికి. అన్ని పద్ధతులూ కలిపితే ఈ అంకెలు పెరుగుతాయి: 1000కి పదేళ్లలో 18 నుంచి 19 గర్భాలు. తనకు చేయబోయే పద్ధతి లెక్క చెప్పించుకోవడం అందుకే అవసరం. ల్యాప్రోస్కోపీలో ఉంగరం వేసే పద్ధతికి ఒక లెక్క, కాన్పు తరువాత కోసి కట్టే పద్ధతికి ఇంకో లెక్క. ఇది వేరే దేశపు లెక్క అని కూడా మరవకూడదు. ఆస్పత్రి తన రిజిస్టరులోని పదేళ్ల లెక్క తీసి రాయగలిగితే అంతకంటే మేలైనది లేదు.

ఇప్పుడు ఈ విషయాన్ని కాగితం మీద పెట్టి చూద్దాం. ఇరవై నాలుగేళ్ల తల్లి, రెండో కాన్పు, ఐదో తరగతిదాకా చదువు. ఆమె కోసం రాస్తున్నామనుకోండి.

మొదటి రకం: "శస్త్రచికిత్స వైఫల్యం, బాహ్య గర్భాశయ గర్భధారణ, తద్వారా ప్రాణాంతక అంతర్గత రక్తస్రావం సంభవించవచ్చు." విషయం పూర్తిగానే ఉంది. అయితే ఆమెకు అర్థమయ్యేది "ప్రాణాంతక" ఒక్కటే. ఎంతమందికో లేదు, ఏం చేయాలో లేదు. "సంభవించవచ్చు" అన్న క్రియ వెయ్యిలో ఒకరికీ వర్తిస్తుంది, ఇద్దరిలో ఒకరికీ వర్తిస్తుంది.

రెండో రకం దీనికి విరుగుడుగా వచ్చేది: "అరుదుగా చిన్న చిన్న ఇబ్బందులు రావచ్చు. భయపడాల్సిన పని లేదు." వినడానికి దయగా ఉంటుంది. కానీ ట్యూబు పగలడాన్ని చిన్న ఇబ్బందిలో కలిపేశాక, ఆ నొప్పి వచ్చిన రోజున ఆమె భయపడదు. భయపడాల్సిన రోజది. మొదటి వాక్యంకంటే ఇదే ఎక్కువ హాని చేస్తుందని నా అభిప్రాయం. "అరుదుగా" అన్న మాటతో ఇంకో తంటా ఉంది. డాక్టరు నోట దాని కొలత వేరు, రోగి చెవిలో వేరు. వెయ్యిలో ఒకటి అన్న లెక్క ఆయన మనసులో ఉంటే, ఆవిడకు మాత్రం తమ వీధిలో ఒకరికి అయినట్టు వినిపిస్తుంది. మాట ఉండొచ్చు, పక్కన అంకె కూడా ఉండాలి.

మూడో రకం ఇలా ఉండొచ్చు:

"ఈ ఆపరేషన్ చేయించుకున్న 1000 మందిలో పదేళ్లలో 992 మందికి మళ్లీ గర్భం రాదు. సుమారు 8 మందికి రావచ్చు. ఆ 8 మందిలో ఒకరిద్దరికి గర్భం గర్భసంచిలో కాకుండా ట్యూబులో నిలుస్తుంది. దాన్ని తొందరగా కనిపెడితే మందులతోనో ఆపరేషన్‌తోనో నయం చేస్తారు. ఆలస్యమైతే ట్యూబు పగిలి కడుపులో రక్తం పోతుంది, ప్రాణానికి ముప్పు. అందుకని, ఆపరేషన్ అయి ఎన్నేళ్లయినా సరే, నెల తప్పితే రెండు వారాల లోపల ఆస్పత్రికి వచ్చి పరీక్ష చేయించుకోవాలి. నెల తప్పాక పొత్తికడుపులో ఒక పక్క నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా, కొద్దికొద్దిగా ఎర్ర కనిపించినా, ఆగకుండా అదే రోజు రావాలి. వచ్చినప్పుడు నాకు ట్యూబుల ఆపరేషన్ అయిందని ముందుగా చెప్పాలి."

పొడవు పెరిగింది, నిజమే. ప్రాణానికి ముప్పు అన్న మాట కూడా ఉంది, దాన్ని దాచలేదు. అయితే దానికి ముందు ఎంతమందికో ఉంది, తరువాత ఆమె చేయగలిగిన పని ఉంది. భయం అలా రెండు పనికొచ్చే విషయాల మధ్య ఇమిడిపోయింది. 992 మంది సంగతి ముందు చెప్పడం మభ్యపెట్టడానికి కాదు. రెండు వైపులా ఒకే లెక్కలో చూపితేనే మనిషికి బొమ్మ కడుతుంది. ఇంకో సంగతి, అన్నిచోట్లా 1000 మందే ఉండాలి. ఒక వాక్యంలో "200 మందిలో ఒకరికి", మరో వాక్యంలో "50 మందిలో ఒకరికి" అని రాస్తే, 200 పెద్ద అంకె కాబట్టి అదే పెద్ద ప్రమాదమని తోచేవాళ్లు చదువుకున్నవాళ్లలోనూ ఉన్నారు.

రెండు వారాల మాట ప్రభుత్వ నమూనాలో ఇప్పటికే ఉంది. నెల తప్పితే రెండు వారాల లోపు వచ్చి చెప్పాలని, కావాలంటే ఉచితంగా గర్భస్రావం చేయించుకోవచ్చని అందులో రాశారు. కానీ ఎందుకు రావాలో ఆ వాక్యం చెప్పదు. చదివినావిడకు అది వద్దనుకున్న గర్భాన్ని తీసేయించుకునే సౌకర్యంలాగే కనిపిస్తుంది. ఇంకో బిడ్డ అయినా ఫరవాలేదనుకున్న తల్లి అసలు వెళ్లదు. కారణం ఒక్క వాక్యంలో కలిపితే ఆ లోపం తీరుతుంది.

వివరంగా చెబితే బెదిరిపోతారన్న వాదన పాతదే. దీన్ని పరీక్షించి చూసినవాళ్లూ ఉన్నారు. బ్రిటన్‌లో గజ్జల్లో హెర్నియా ఆపరేషన్‌కు వచ్చిన 96 మంది మగవాళ్లలో కొందరికి మామూలు సమాచారం, కొందరికి ప్రమాదాలన్నీ ఉన్న వివరమైన కాగితం ఇచ్చి ఆందోళనను కొలిచారు. వివరం చదివినవాళ్ల ఆందోళన మిగతావాళ్లకంటే పెరగలేదని 1993లో ప్రకటించారు. మరి మాటలకు బెదరగొట్టే శక్తే లేదా అంటే, ఉంది. బోస్టన్‌లో 2010లో ప్రచురించిన మరో పరిశీలనలో, కాన్పుకు వచ్చిన 140 మందికి నడుములో మత్తుమందు ఇచ్చే ముందు చర్మానికి తిమ్మిరి సూది వేశారు. కొందరికి "పెద్ద తేనెటీగ కుట్టినట్టుంటుంది, ఇదే అన్నిటికంటే కష్టమైన ఘట్టం" అని చెప్పారు. కొందరికి "ఈ మందు చోటును తిమ్మిరెక్కిస్తుంది, తరువాత మీకు హాయిగా ఉంటుంది" అని చెప్పారు. సూది అదే, చెయ్యి అదే. పదికి కొలిచిన నొప్పి మొదటివాళ్లలో 5, రెండోవాళ్లలో 3.

ఈ రెండు పరిశీలనలూ పక్కపక్కన పెడితే నాకు తోచేది ఒకటి. ప్రమాదాల సంగతి పూర్తిగా చెప్పడానికి అనువైన వేళ ముందు రోజో, వారం ముందో. సూది గుచ్చే క్షణాన మాత్రం ఏం చేస్తున్నామో, దాని వల్ల ఏ సుఖమో చెబితే చాలు. మన దగ్గర చాలాసార్లు ఇది తిరగబడుతుంది. ముందంతా మౌనం, బల్ల ఎక్కాక "నొప్పెడతాది, కదలకు" అని గద్దింపు.

వేళ గురించే ఇంకొంత చెప్పాలి. నొప్పులు పడుతున్న తల్లి చేత, మత్తులో ఉన్న మనిషి చేత సంతకం పెట్టించుకోకూడదని నిబంధన. కాన్పు తరువాత చేయించుకోవాలనుకునేవాళ్లకు నెలలు నిండకముందే, పరీక్షకు వచ్చినప్పుడే ఈ కాగితం చదివి వినిపించాలి. భర్త సంతకం అవసరం లేదు, ఇది కూడా నిబంధనే. 2016 సెప్టెంబరు 14న దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. బీహార్‌లోని అరారియా జిల్లాలో 2012లో ఒక బడిలో 53 మంది మహిళలకు ఆపరేషన్లు చేసిన తీరు మీద మొదలైన కేసది. తరువాత 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో జరిగిన మరణాలనూ కోర్టు పరిశీలించింది. ఆపరేషన్ పర్యవసానాలను మనిషికి అర్థమయ్యే భాషలో వివరించాలని, వివరించాక మనసు మార్చుకునే వీలుండేలా సుమారు గంటసేపు వ్యవధి ఇవ్వాలని ఆదేశించింది.

పాతపట్నం దగ్గర అర్థమయ్యే భాష అంటే ఒకటి కాదు. మహేంద్రతనయ నది దాటితే పర్లాకిమిడి, ఒడిశా. ఇటు ఆస్పత్రికి ఒడియా మాట్లాడేవాళ్లూ వస్తారు, కొండ దిగి సవర మాట్లాడేవాళ్లూ వస్తారు. ఆ పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి పంతులు గారు బడిలో చదువు చెబుతూ సవర భాష నేర్చుకుని అందులో పుస్తకాలు రాశారు, వాడుక తెలుగు కోసం పోరాడారు. ఆయన నడిచిన నేల మీద ఒక సవర తల్లికి గ్రాంథికపు తెలుగు కాగితం ఇచ్చి వేలిముద్ర తీసుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. ఆమె భాష తెలిసిన ఆశ కార్యకర్త పక్కన కూర్చుని చెప్పాలి. వెంట వచ్చిన అత్తగారి చేత అనువాదం చేయిస్తే మాత్రం చెప్పిందంతా చేరదు. చేయించాలో వద్దో ఇంట్లో ముందే ఒక నిర్ణయం ఉన్నప్పుడు, అనువాదం ఆ నిర్ణయం వైపు ఒరుగుతుంది.

ట్యూబులో గర్భం ఏళ్ల తరువాతి మాట. తొలి వారంలో వచ్చేది ఇన్ఫెక్షన్. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి ల్యాప్రోస్కోపీ పద్ధతిలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఆ తరువాత కొద్ది రోజుల్లో నలుగురు చనిపోయారు, మిగిలినవారిని హైదరాబాదు ఆస్పత్రులకు తరలించి చికిత్స చేశారు. ఇంటికి వెళ్లాక వాళ్లలో కనిపించినవి వాంతులు, కడుపు నొప్పి. ఏ ఇంట్లోనైనా వీటిని తిన్నది పడలేదనుకునే అవకాశం ఉంది.

ఇన్ఫెక్షన్ గురించిన వాక్యం రాసేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. "కుట్ల దగ్గర చీము పట్టవచ్చు" అని ఆపేస్తే కుట్టు శుభ్రంగా ఉన్న మనిషి ధీమాగా ఉంటుంది. లోపలి ఇన్ఫెక్షన్ పైకి కుట్టు మీద కనబడదు. "కోత దగ్గర కొంచెం నొప్పి మూడు నాలుగు రోజులుంటుంది, రోజురోజుకూ తగ్గాలి. తగ్గాల్సిన నొప్పి పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, వాంతులు ఆగకపోయినా, కడుపు ఉబ్బి గట్టిపడినా, రాత్రయినా సరే 108కి ఫోన్ చేసి రండి" అనాలి. మామూలుగా ఉండేది ఏదో ముందు చెప్పినందువల్ల, మామూలు కానిది ఆమెకే తెలిసిపోతుంది. అనవసరపు కంగారు తగ్గేది కూడా దీనితోనే, ఎందుకంటే మూడో రోజు కోత సలిపితే అది అనుకున్నదే అని ఊరుకోగలదు. పేగుకో మూత్రసంచికో దెబ్బ తగలడం, మత్తుమందు పడకపోవడం లాంటివి కూడా ఇదే పద్ధతిలో ఒక్కో వాక్యంలో రాయొచ్చు. అవి జరిగితే అక్కడే సరిచేస్తారని, అవసరమైతే టెక్కలికో శ్రీకాకుళానికో పంపుతారని, పంపడానికి బండి ఏర్పాటు ఎవరిదో కూడా రాయాలి. పెద్దాసుపత్రి దూరమున్న ఊళ్లో దూరం కూడా ప్రమాదంలో భాగమే.

ప్రమాదాల జాబితాలో సాధారణంగా చేర్చనిది ఇంకొకటుంది, పశ్చాత్తాపం. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకే చేయించుకునేవాళ్లు మన దగ్గర ఎక్కువ. బిడ్డ పోయినా, మరో పెళ్లి చేసుకోవాల్సి వచ్చినా మళ్లీ పిల్లలు కావాలనిపించవచ్చు. తెగిన ట్యూబులు కలిపే ఆపరేషన్ ఉంది గానీ, అది పెద్దది, అన్నిచోట్లా చేయరు, చేసినా గర్భం వస్తుందన్న భరోసా లేదు. కాబట్టి "శాశ్వతం" అని రాసి వదలకుండా, "తరువాత పిల్లలు కావాలనుకున్నా ఇక వీలుకాదనే అనుకోండి, ఇప్పుడు అనుమానంగా ఉంటే కాపర్-టీ, ఇంజెక్షన్, మాత్రలు ఉన్నాయి, మీ ఆయనకు చేసే ఆపరేషన్ ఇంతకంటే చిన్నది" అని రాయాలి. ఇది వద్దన్నందువల్ల ఆస్పత్రిలో వేరే ఏ వైద్యమూ ఆగదని కూడా రాయాలి. ఈ వాక్యం లేనిచోట అంగీకారానికి అర్థం లేదని నేను గట్టిగా నమ్ముతాను.

కాగితం చదివాక "అర్థమైందా?" అని అడిగితే అందరూ తలూపుతారు. ఆస్పత్రిలో లేదనడానికి మొహమాటం. అందువల్ల ప్రశ్న మార్చాలి: "నేను సరిగా చెప్పానో లేదో చూసుకోవాలమ్మా. ఇంటికెళ్లాక ఎప్పుడు మా దగ్గరికి రావాలో మీ మాటల్లో చెప్పండి." ఆమె, "జొరం వస్తే రావాల. నెల తప్పితే, ఆపరేసన్ అయిపోనాది గదాని ఊరుకోకుండా రెండు వారాల్లో రావాల. ఓ పక్క నొప్పొస్తే ఆ రోజే రావాల" అంటే చెప్పింది చేరింది. "ఇంక నాకు పిల్లలు పుట్టరు గదా మేడమ్, నెల తప్పితే రక్తం తక్కువ గావాల" అంటే ఆ ఒక్క వాక్యం దగ్గర చెప్పడం సరిపోలేదన్నమాట. మొత్తం మళ్లీ చదవనక్కర్లేదు, అక్కడే కూర్చుని మరోలా చెప్పాలి. ఐదు నిమిషాలు పడుతుంది. రోజుకు ముప్పై ఆపరేషన్లు పెట్టుకున్న చోట ఆ ఐదు నిమిషాలు దొరకవని నర్సమ్మలు అంటారు. ఒక బృందం రోజుకు ముప్పై దాటకూడదన్న పరిమితి ఉంది, దాన్ని గురిగా పెట్టుకుంటే మాత్రం ఈ సంభాషణ జరగదు. ఈ పని డాక్టరు ఒక్కరే చేయాలని లేదు. శిక్షణ ఉన్న ఏఎన్ఎమ్ ముందు రోజే చేసి, డాక్టరు వచ్చి ఏమైనా అడగాలా అని అడిగితే సరిపోతుంది.

చివరగా కాగితం ఎక్కడుండాలి అన్నది. సంతకం పెట్టిన కాగితం ఆస్పత్రి ఫైలులోకి పోతుంది. ఎప్పుడు రావాలో సూచనలున్న భాగం మాత్రం ఆమెతో ఇంటికి వెళ్లాలి, పెద్ద అక్షరాల్లో, ఒకే పేజీలో, ఆస్పత్రి ఫోన్ నంబరుతో, ఆపరేషన్ తేదీ, పద్ధతి పేరు రాసి. మూడేళ్ల తరువాత ఆమె వేరే ఊళ్లో, వేరే డాక్టరు ముందు నొప్పితో కూర్చుంటే, ఆ పేజీ చూపించడంతో ఆ డాక్టరు మొదట అడగాల్సిన ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ఎంసీపీ కార్డుతో పాటు దాన్ని పిన్ను కొట్టి ఇవ్వడం అన్నిటికంటే తేలిక, ఎందుకంటే పిల్లల టీకాల కోసం ఆ కార్డును తల్లులు ఎలాగూ భద్రంగా దాచుకుంటారు.